వేలిముద్ర ఉంది, ఒప్పుకోలు ఉందా?

ప్రశ్న: నల్లగొండలో ఐదుగురం కలిసి చిన్న ట్రస్టు నడుపుతున్నాం. ఫ్లోరైడ్ వల్ల నడుం, మోకాళ్ళు బిగుసుకుపోయి బయటికి పోలేని వాళ్ళకు ఇంటి దగ్గరే పని చేసుకునేలా సాయం చేస్తాం. ఈసారి మర్రిగూడ వైపు పల్లెల్లో ఎనిమిది మందిని ఎంచుకున్నాం. మోటారు కుట్టుమిషన్లు, ఇంటి ముందు ర్యాంపులు, మరుగుదొడ్డి మార్పులకు మొత్తం 2,40,000 రూపాయలు కావాలి. ఖాతాలో 42,000 ఉంది. మిగతా డబ్బు కోసం ఒక్కరి కథ రాసి ఫేస్‌బుక్‌లో, వాట్సాప్‌లో పెట్టాలనుకున్నాం. ఆ ఒక్కరు 38 ఏళ్ళ అక్క. అన్నావదినల ఇంట్లో ఉంటూ బ్లౌజులు కుడుతుంది. వాకిట్లో చేతుల మీద జరుగుతూ నీళ్ళ బిందె దగ్గరికి పోతున్నప్పుడు మా కార్యదర్శి సార్ ఫోటో తీసి మా గ్రూపులో పెట్టారు, అమెరికాలో ఉన్న ఒక దాతకూ పంపారు. "ఇది చూస్తే ఎవరికైనా ఏడుపు రావాలె, ఇదే పెట్టండి" అన్నారాయన. అక్క కాగితం మీద వేలిముద్ర వేసింది. "మీ ఇష్టం సారు" అంది. రెండు రోజులకు వాళ్ళ వదిన నాకు ఫోన్ చేసి, "మా బిడ్డకు సంబంధాలు చూస్తున్నం, మా ఇంటిని పేపర్లకు ఎక్కియ్యకండి" అంది. సార్‌కు చెప్తే వేలిముద్ర ఉంది కదా అంటున్నారు. పోస్టు రాయాల్సింది నేనే. పెడితే ఆ ఇంట్లో గొడవ, పెట్టకపోతే ఎనిమిది మందికీ ఆలస్యం. చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చేయాలి?

– ఒక వాలంటీర్, నల్లగొండ

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది వదిన ఫోన్ కాదు, "మీ ఇష్టం సారు" అన్న మాట. ఆ అక్క ఆ మాట ఎవరితో, ఎప్పుడు అందో చూడండి. మిషన్ ఇచ్చేది ఆయనే. జాబితాలో పేరు రాసిందీ ఆయనే. మిషన్ ఇంకా ఇంటికి రాలేదు. అలాంటప్పుడు కాగితం చేతికిస్తే వేలిముద్ర వేయక ఏం చేస్తుంది? వద్దంటే మిషన్ పోతుందేమో అన్న భయం ఆమె నోటితో చెప్పదు, మనమే అర్థం చేసుకోవాలి. కార్యదర్శి గారు బెదిరించారని నేను అనడం లేదు. సాయం చేసే చేతికీ అందుకునే చేతికీ మధ్య ఆ భయం ఎవరూ పెట్టకుండానే ఉంటుంది.

కాబట్టి అక్కను మళ్ళీ అడిగే ముందు ఒక పని చేయండి. ఆమె మిషన్ ముందే కొనేయండి. ఖాతాలో 42,000 ఉందన్నారు. మోటారు, బల్ల కలిపి మిషన్ ఒక్కోటి 14,000 చొప్పున వేసుకున్నారనుకుందాం. అది ఆమె ఇంట్లో దించి, కరెంటు కనెక్షన్ సరిచూసి, ఆమె ఒక బ్లౌజు కుట్టుకున్నాక అడగండి. అప్పుడు ఆమె "వద్దు" అన్నా పోయేదేమీ లేదని ఆమెకు కళ్ళ ముందే కనిపిస్తుంది. పోస్టు పడకముందే ఖాతా ఖాళీ చేస్తామా అని కమిటీలో ఎవరైనా అడగొచ్చు. ఖర్చయ్యేది 14,000 మాత్రమే, అదీ ఎలాగూ పెట్టాల్సిన ఖర్చే. ఆమెనే ముందు పెట్టడం మిగతా ఏడుగురికి అన్యాయం కాదా అని కూడా అడుగుతారు. అది న్యాయమైన ప్రశ్న. ర్యాంపు, మరుగుదొడ్డి పనులు మాత్రం ఎవరికి ఎక్కువ అవసరమో ఆ వరుసలోనే జరుగుతాయని, కథ ఇచ్చినా ఇవ్వకపోయినా ఎవరి వంతూ మారదని మినిట్స్ పుస్తకంలో రాసి అందరూ సంతకాలు చేయండి. ఆ మాట అక్కకు కూడా చదివి వినిపించండి.

ముందే కొనడానికి కమిటీ ఒప్పుకోకపోతే ఇంకో దారి ఉంది. పోయినసారి సాయం అందుకుని, ఇప్పుడు తన కాళ్ళ మీద తాను పని చేసుకుంటున్న వాళ్ళ దగ్గరికి వెళ్ళండి. వాళ్ళకు మీ నుంచి రావాల్సింది ఏమీ మిగలలేదు కాబట్టి అవునన్నా కాదన్నా అది వాళ్ళ సొంత మాటే అవుతుంది. దాతలకూ మీ పని వల్ల ఏం మారిందో కనిపిస్తుంది. మీ స్థానంలో నేనుంటే ముందు ఈ దారే చూసేదాన్ని. దీనిలో ఇబ్బంది ఒకటే. "ఇప్పుడు అవసరం ఎవరికి?" అని చదివేవాళ్ళు అడుగుతారు. ఆ అవసరాన్ని పేర్లు లేకుండా, ఎనిమిది మంది లెక్కగా చెప్పాల్సి వస్తుంది.

ఇక అక్క కథే రాయాలనుకుంటే ఎలా అడగాలో చెప్తాను. మీరొక్కరే వెళ్ళండి. సార్ వద్దు, బండి మీద బ్యానర్ వద్దు. వదిన పొలానికో కూలికో పోయిన పూట చూసుకోండి. వదినకు తెలియకుండా చేయమని కాదు, అక్క తన మాట తాను చెప్పుకునే వీలు కోసం. పోస్టు మొత్తం రాసి పట్టుకెళ్ళి నెమ్మదిగా చదివి వినిపించండి. ఏ ఫోటో పెడతారో ఫోన్లో చూపించండి. అది ఎవరెవరు చూస్తారో ఆమెకు అర్థమయ్యేలా చెప్పండి. "ఫేస్‌బుక్‌లో పెడతాం" అంటే ఆమెకు ఏం తెలుస్తుంది? "నల్లగొండలో ఉన్న వాళ్ళు చూస్తారు, హైదరాబాద్‌లో చూస్తారు, మీ ఊరి పిల్లల ఫోన్లలోకి కూడా వస్తుంది, రేపు సంబంధానికి వచ్చేవాళ్ళూ చూడొచ్చు" అని చెప్తే తెలుస్తుంది. తర్వాత ఒక ప్రశ్న అడగండి: "అక్కా, ఇది చూసి మీ ఊళ్ళో ఎవరు ఏమంటరు?" ఆమె చెప్పే జవాబులో మీకు కావాల్సిందంతా ఉంటుంది. చెప్పాల్సినవన్నీ చెప్పాక, మీరు ఏం చేయబోతున్నారో ఆమెనే తిరిగి చెప్పమనండి. చెప్పలేకపోతే మీరు చెప్పింది ఆమెకు అందలేదన్నమాట. ఆ రోజే జవాబు తీసుకోకండి. నాలుగైదు రోజులు ఆగి మళ్ళీ అడగండి.

నిజమైన ఒప్పుకోలు ఎలా ఉంటుందో గుర్తుపట్టడం కష్టమేం కాదు. "మీ ఇష్టం", "మీరు మంచోళ్ళు, మీరు ఏం చేసినా సరే", "పెట్టకుంటే మిషన్ రాదా?" ఇవేవీ ఒప్పుకోలు కావు. మాట్లాడుతూ వదిన మొహం వైపు చూస్తే అదీ కాదు. ఆమె షరతులు పెట్టడం మొదలుపెడితే అప్పుడు సంతోషించండి. "ఈ చీరల వద్దు, నీలం చీర కట్టుకుంట", "కాళ్ళు పడకుండ తీయి", "మా అన్న పేరు రాయకు" అంటే ఆమె ఆ పోస్టును తనదిగా చూసుకుంటోందని అర్థం. ఆ షరతులన్నీ రాసుకుని, ఒక్కటి కూడా వదలకుండా పాటించండి.

కార్యదర్శి గారు వేలిముద్ర కాగితం చూపిస్తే మీరు చట్టం గురించి కూడా చెప్పొచ్చు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం దశలవారీగా అమల్లోకి వస్తోంది. సమ్మతి ఒత్తిడి లేకుండా, షరతు లేకుండా, దేనికోసమో తెలిసి, స్పష్టంగా ఇచ్చినదై ఉండాలని, ఇచ్చినంత తేలిగ్గా వెనక్కి తీసుకునే వీలు కూడా ఉండాలని అది చెప్తోంది. మీ కాగితంలో ఇవి ఉన్నాయో లేదో చూడండి. చాలా సంస్థల కాగితాల్లో "నా ఫోటోలు, వివరాలు సంస్థ ఏ అవసరానికైనా ఎప్పుడైనా వాడుకోవచ్చు" అని ఒకే ఒక్క వాక్యం ఉంటుంది. దాన్ని పక్కన పెట్టి కొత్తది రాయండి, అర పేజీ చాలు. ఏ ఫోటో, ఎన్ని ఫోటోలు, ఎక్కడ పెడతారు, ఎంతకాలం ఉంచుతారు, పేరు మారుస్తారా లేదా, తీసేయమనాలంటే ఎవరికి ఫోన్ చేయాలి, ఇంతే. కాలం ఒక ఏడాదికి మించకుండా పెట్టుకోండి. రెండు కాపీలు తీసి ఒకటి ఆమె దగ్గరే ఉంచండి. చదవలేకపోయినా ఆ కాగితం ఆమె దగ్గర ఉండాలి. మేనకోడలు చదివి పెడుతుంది. తీసేయమంటే మా పేజీలోంచి వెంటనే తీసేస్తాం కానీ అప్పటికే ఇతరుల ఫోన్లలోకి పోయిన ఫోటోను మేం తీయలేం అని కూడా ముందే చెప్పండి. ఈ మాట చెప్పకుండా తీసుకున్న ఒప్పుకోలు సగమే.

ఇప్పుడు వదిన సంగతి. ఆమె భయాన్ని కొట్టిపారేయకండి. ఆ మండలాల్లో పిల్లను ఇవ్వడానికి, చేసుకోవడానికి వెనకాడిన కుటుంబాలు ఉన్నాయని మీకు నేను చెప్పక్కర్లేదు. ఫ్లోరోసిస్ వంశపారంపర్యం కాదు, అంటుకునేదీ కాదు. తాగే నీళ్ళలో లీటరుకు 1 మిల్లీగ్రాము ఫ్లోరైడ్ దాటకూడదని, వేరే నీళ్ళు దొరకనప్పుడు 1.5 వరకు సరిపెట్టుకోవచ్చని మన దేశ ప్రమాణం. దానికి ఎన్నో రెట్లున్న బోరు నీళ్ళు ఏళ్ళ తరబడి తాగితే ఎముకలు, కీళ్ళు బిగుసుకుపోతాయి. ఒకే ఇంట్లో అందరూ ఒకే బోరు నీళ్ళు తాగారు కాబట్టి అక్కకూ చెల్లికీ ఇద్దరికీ వస్తుంది, చూసేవాళ్ళకు అది రక్తంలో ఉందనిపిస్తుంది. వంశపారంపర్యం కాదు, అంటుకునేదీ కాదు అన్న రెండు మాటలు మీ పోస్టులో తప్పకుండా ఉండాలి. కానీ ఆ మాటలు చదివి పెళ్ళివారు మనసు మార్చుకుంటారని మాత్రం వదినకు మాట ఇవ్వకండి. ఆ బాధ్యత మోయాల్సింది ఆ పిల్ల కాదు.

అక్క కథ అక్కదే, ఆమె ఫోటో గురించి చివరి మాట ఆమెదే. ఆ ఇంటి గురించి, మేనకోడలి గురించి మాత్రం ఆమె ఒక్కరే నిర్ణయించలేరు, మీరు అసలే నిర్ణయించలేరు. ఊరి పేరు, ఇంటిపేరు, అన్న ప్రస్తావన, ఇంటి గోడ, వాకిలి ఇవన్నీ తీసేస్తే దూరంగా ఉన్న దాతలకు ఆమె ఎవరో తెలియదు. ఇక్కడ ఒక్క సంగతి గట్టిగా గుర్తుపెట్టుకోండి. రెండు మూడు వందల గడపలున్న ఊళ్ళో పేరు మారిస్తే ఎవరినీ దాచలేం. బ్లౌజులు కుట్టే ఫ్లోరైడ్ అక్క అనగానే ఊరంతా గుర్తుపడుతుంది. ఆమె చేతుల ఫోటో పెట్టినా మిషన్ మీదున్న పూల కవరు చూసి పక్కింటి ఆమె చెప్పేస్తుంది. కాబట్టి అక్క, వదిన ఎవరి కంటపడకూడదనుకుంటున్నారో అడగండి. హైదరాబాద్ వాళ్ళు చూసినా ఫర్వాలేదు, ఊరి వాళ్ళు చూడొద్దు అంటే బహిరంగ పోస్టు పెట్టే దారే లేదు. అప్పుడు పేరు, ఫోటో ఏమీ లేని రెండు పేజీల ఉత్తరం రాసి మీకు తెలిసిన దాతలకు విడివిడిగా పంపండి, లేదా కలిసి చదివి వినిపించండి. వచ్చే డబ్బు నెమ్మదిగా వస్తుంది. మీ శ్రమ ఎక్కువ. ఆ ఇల్లు మాత్రం ప్రశాంతంగా ఉంటుంది.

వదిన కాదంటున్నా అక్క గట్టిగా పెట్టమంటే? అది ఆమె హక్కే, మీరు పెట్టొచ్చు. కానీ ఆమె స్నానానికి నీళ్ళు తోడేది, రాత్రి అన్నం పెట్టేది వదిన. మీరు సాయంత్రం బస్సెక్కి నల్లగొండ వచ్చేస్తారు, ఆమె అక్కడే ఉంటుంది. ఈ మాట అక్కతోనే అనండి, ఆమెనే తూచుకోనివ్వండి. "వదినతో మీరు మాట్లాడుతరా, నేను కూడ కూసోవాల్నా?" అని అడగండి. మధ్యవర్తిగా మీరు వెళ్ళి వదినను ఒప్పించడం మాత్రం వద్దు. సంబంధం కుదిరేదాకా ఆగుదాం అని వాళ్ళిద్దరూ అనుకుంటే ఆగండి. ఈలోపు ఇంకొకరి కథ చూసుకోవచ్చు.

ఆ ఫోటో సంగతి కూడా చెప్పాలి. నల్లగొండ ఫ్లోరైడ్ అనగానే వంకరపోయిన కాళ్ళ ఫోటోలే అందరికీ గుర్తొస్తాయి. మంచినీళ్ళ కోసం పోరాడిన రోజుల్లో ఆ ఫోటోలు పాలకుల ముందు పెట్టారు, వాటికి ఒక పని ఉండింది. ఇప్పుడు మీరు అడుగుతున్నది నీళ్ళు కాదు, మోటారు మిషన్. బిందె వైపు పాకుతున్న మనిషిని చూపించి కుట్టుమిషన్‌కు డబ్బులడిగితే చదివేవాళ్ళకు పొంతన కుదరదు. "ముందు ఆమెకు వీల్‌చైర్ ఇప్పించండి", "ఆపరేషన్ చేయిస్తే నయమవుతుంది కదా", "ఇంకా కుళాయి రాలేదా" అని ప్రశ్నలు మొదలవుతాయి. జవాబులు చెప్పలేక మీరే అలసిపోతారు. మిషన్ భగీరథ నీళ్ళు వాళ్ళ ఇంటికి వస్తుంటే ఆ ఫోటో అబద్ధం కూడా చెప్తోంది. ఇప్పుడు మంచినీళ్ళు తాగితే కొత్తగా జబ్బు రాకుండా ఉంటుంది కానీ ఒకసారి బిగుసుకుపోయిన ఎముకలు మళ్ళీ మామూలు కావు. ఈ నిజం రాస్తే చాలు.

వైకల్యం కనిపించకుండా దాచమని నేను అనడం లేదు. ఆమె కూర్చునే పీట కనిపించొచ్చు, ఊతకర్ర కనిపించొచ్చు. ఆ ఫోటోలో తప్పేమిటంటే, అది ఆమెకు చెప్పకుండా, నిలబడ్డ మనిషి పైనుంచి కిందికి చూస్తూ తీసింది. మీరు కింద కూర్చుని కెమెరా ఆమె కళ్ళ ఎత్తులో పెట్టి తీయండి. మిషన్ ముందు, నోట్లో దారం పట్టుకుని సూది ఎక్కిస్తున్నప్పుడో, కొలత టేపు మెడలో వేసుకుని గల్లా కత్తిరిస్తున్నప్పుడో తీయండి. పది తీసి ఆమెకు ఇవ్వండి, ఆమె ఒకటి ఎంచుకుంటుంది. ఆ ఫోటోను కొలతల కోసం వచ్చే ఆడవాళ్ళకు కనిపించేలా తన గదిలో గోడకు అతికించుకుంటుందా అని అడగండి. అతికించుకుంటానంటే పెట్టండి.

ఇక రాత. "పుట్టుకతోనే విధి వక్రించి నరకయాతన పడుతున్న అభాగ్యురాలు, మీ 500 రూపాయలు ఈమె ప్రాణం నిలబెడతాయి" లాంటి వాక్యాలు ఇలాంటి పోస్టుల్లో మామూలే. అందులో ఒక్క ముక్కా నిజం కాదు. పుట్టుకతో రాలేదు, నీళ్ళతో వచ్చింది. ప్రాణం పోవడం లేదు, పని నెమ్మదిగా సాగుతోంది. మీరు రాయడానికి ఒక నమూనా ఇస్తున్నాను. అక్క చెప్పినదాన్ని బట్టి మార్చుకోండి.

"యాదమ్మ గారు (పేరు మార్చాం) బ్లౌజులు కుడతారు. చిన్నప్పుడు తాగిన బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువ. ఇరవై ఏళ్ళు దాటాక మోకాళ్ళు ముడవడం మానేశాయి. ఇది వంశపారంపర్యంగా వచ్చేది కాదు, ఒకరి నుంచి ఒకరికి అంటుకునేదీ కాదు. కాళ్ళతో మిషన్ తొక్కలేరు కాబట్టి కుడిచేత్తో చక్రం తిప్పుతూ, ఎడమచేత్తో బట్ట జరుపుతూ కుడతారు. అలా రోజుకు ఒక బ్లౌజు అవుతుంది. మోటారు మిషన్ ఉంటే పెడల్‌ను బల్ల మీద పెట్టుకుని మోచేత్తో నొక్కుతాను, రెండు చేతులూ బట్ట మీదే ఉంటాయి, రోజుకు మూడు కుడతాను అంటున్నారు. ఆమె మిషన్ కొనేశాం. ఆమెలాంటి వాళ్ళు ఈ ఏడాది మా జాబితాలో ఎనిమిది మంది. ఐదుగురికి మిషన్లు 70,000, ఆరు ఇళ్ళకు ర్యాంపులు 90,000, ఎనిమిది మరుగుదొడ్ల మార్పులకు 80,000, మొత్తం 2,40,000 రూపాయలు. మా దగ్గరున్న 42,000 పోను ఇంకా 1,98,000 కావాలి. మీరిచ్చేది ఒక్కరికి పోదు, ఈ ఎనిమిది మంది పనులకు పోతుంది. ఎక్కువ వస్తే వచ్చే ఏడాది జాబితాకు వాడతాం. లెక్కలు పని పూర్తయ్యాక ఇదే చోట పెడతాం."

ఈ అంకెలు నేను వేసినవి, మీ కొటేషన్లు చూసి సరిచేసుకోండి. కానీ "మీరిచ్చేది ఒక్కరికి పోదు" అన్న వాక్యం మాత్రం తీయకండి. అది లేకపోతే ఏమవుతుందో చెప్తాను. పోస్టు తిరుగుతుంది, డబ్బు వస్తుంది, ఊళ్ళో "ఆమె పేరు మీద రెండు లక్షలు వచ్చినయట" అని మొదలవుతుంది. అప్పులిచ్చిన వాళ్ళు వచ్చి కూర్చుంటారు. మిగతా సొమ్మేదని చుట్టాలు అడుగుతారు. నెలకు వచ్చే 4,016 పింఛను కోసేస్తారేమో అని ఆమెకు నిద్ర పట్టదు. చేతికి వచ్చింది ఒక మిషన్, మీద పడింది ఊరంతా. అందుకే తనకు ఎంత వస్తుంది, మిగతాది ఎక్కడికి పోతుందో ముందు అక్కకు లెక్క చెప్పి, తర్వాత లోకానికి చెప్పండి. పింఛను సంగతి పోస్టులో రాయాలా వద్దా అన్నది కూడా ఆమెనే అడగండి. రాస్తే "ప్రభుత్వం ఏమీ ఇవ్వదా" అన్న ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. రాయకపోతే తప్పేమీ లేదు.

ఇలా రాస్తే డబ్బు తక్కువ వస్తుందా? మొదటి రెండు రోజులు తక్కువే రావచ్చు, ఆ మాట మీకు దాచను. ఏడుపు చూసి ఇచ్చేవాళ్ళు ఉన్నారు. కానీ వాళ్ళు మళ్ళీ ఇవ్వాలంటే వచ్చే ఏడాది ఇంతకంటే ఎక్కువ ఏడుపు చూపించాలి. అప్పుడు ఎవరి వాకిట్లోకి వెళ్ళి ఎలాంటి ఫోటో తీస్తారు? పని చూసి ఇచ్చినవాళ్ళకు వచ్చే ఏడాది పని చూపిస్తే సరిపోతుంది.

అమెరికా దాత గారికి మీరే మర్యాదగా రాయండి. "ఆ ఫోటో అక్క ఎంచుకున్నది కాదండీ, అందుకే వాడటం లేదు, ఆమె ఎంచుకున్నది పంపుతున్నాం" అంటే చాలు. ఆయన అర్థం చేసుకోవచ్చు, అలగొచ్చు కూడా. అలిగితే ఒక పెద్ద చందా పోతుంది, దానికి సిద్ధపడే రాయండి. ఇంకో సంగతి. ఆయన అమెరికా పౌరుడైపోయి ఉంటే, విదేశీ విరాళాల నమోదు లేని మీ ట్రస్టు ఆయన డబ్బు తీసుకోకూడదు, అది హైదరాబాద్ బ్యాంకు ఖాతా నుంచి వచ్చినా సరే. ఇంకా భారత పాస్‌పోర్టే ఉంటే ఇబ్బంది లేదు. ఆయన కోసం ఫోటో గురించి గొడవ పడేముందు ఇది కనుక్కోండి. మీరు అసలు తీసుకోలేని డబ్బు కోసం మీ కమిటీ తగువులాడుతుండొచ్చు.

కార్యదర్శి గారితో గొడవ పెట్టుకోవద్దు. ఎండలో బండి మీద ఊరూరా తిరిగి ఆ ఎనిమిది మందిని వెతికింది ఆయనే అయి ఉంటారు. కమిటీలో మీరు అడగాల్సింది రెండే రెండు నియమాలు. మొదటిసారి వెళ్ళినప్పుడు ఎవరూ ఎవరి ఫోటో తీయకూడదు. పోస్టు పెట్టేముందు ఆ మనిషికి చదివి వినిపించాలి. ఆయన ఒప్పుకోకుండా ఆ ఫోటోనే పెట్టమంటే, "నేను రాయను సార్" అనే హక్కు మీకుంది. అప్పుడు ఆయన ఇంకొకరితో రాయించొచ్చు, మీరు ట్రస్టులో కొంత దూరం కావొచ్చు. అలాంటప్పుడు కూడా ఆ పోస్టు బయటికి రాకముందే అక్కకు ఫోన్ చేసి విషయం చెప్పండి.

ఇవన్నీ వారం పది రోజుల పని. ఈ రోజే చేయాల్సింది ఇంకోటి ఉంది. ఆ బిందె ఫోటో ఇప్పటికే మీ గ్రూపులో ఉంది, అమెరికాలో ఉంది. వాట్సాప్‌లో పంపినవారు అందరి ఫోన్లలోంచి తీసేయడానికి కొద్ది రోజుల గడువే ఉంటుంది. అది దాటి ఉంటే కమిటీ వాళ్ళను ఒక్కొక్కరిని అడిగి గ్యాలరీలోంచి కూడా తీయించండి. దాత గారికి రాసే ఉత్తరంలో అదే మాట మొదట పెట్టండి. ఆయన ఇంకెవరికైనా పంపారేమో అడగండి. పంపి ఉంటే ఆ సంగతి అక్కకు చెప్పండి.